మధ్యాహ్నం గీత చదునైతే మోసపోయినట్టేనా? ఎటోబికో ఇంటి సోలార్ లెక్క

ఈ వారం ఎపిసోడ్ వినడానికి టైం దొరకనివాళ్ల కోసం, విన్నా అంకెలు కాగితం మీద చూసుకోవాలనుకునేవాళ్ల కోసం, మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నా. మైకు ముందు గబగబా చెప్పేసిన లెక్కల్ని కొంచెం నెమ్మదిగా, వరసలో పెట్టాను.

విషయం ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. ఇక్కడే ఎటోబికోలో, రెక్స్‌డేల్ వైపు ఉండే ఒక అన్న. ఊరు నంద్యాల దగ్గర. ఎయిర్‌పోర్టు పక్కన గోదాములో నైట్ షిఫ్ట్. పోయిన ఏడాది అప్పు తీసుకుని ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నాడు. ఏప్రిల్‌లో ఒక మంచి ఎండరోజున నిద్ర లేచి ఫోన్‌లో యాప్ తెరిచి చూసి, అటునుంచి అటే నాకు కాల్ చేశాడు.

"ఏమప్పా, నన్ను ముంచినారా వీళ్లు? 9.6 కిలోవాట్లు అని డబ్బు తీసుకున్నారు. మధ్యాహ్నం 12 నుంచి దాదాపు 3 దాకా గీత 7.6 దగ్గర కత్తితో కోసినట్టు నిలబడిపోయింది. మిగతా రెండు కిలోవాట్లు ఎవరు తిన్నారు?"

నేను ఇళ్ల పైకప్పులకు సోలార్ డిజైన్ గీసే పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న ప్రతి వసంతకాలంలోనూ వస్తుంది. అప్పు చేసి పెట్టుకున్న మనిషికి ఆ చదునైన గీత చూస్తే కడుపు మండడంలో తప్పేమీ లేదు. అందుకే "అది మామూలేలే అన్నా" అని తేల్చేయకుండా, ఆయన బిల్లు, డ్రాయింగ్ తెప్పించుకుని కూర్చున్నాం. ఆ లెక్కే ఇది.

రెండు వేర్వేరు అంకెలు

ఆయన పైకప్పు మీద 400 వాట్ల ప్యానెళ్లు 24 ఉన్నాయి. 24ని 400తో గుణిస్తే 9,600 వాట్లు, అంటే 9.6 కిలోవాట్లు. ఇది డీసీ వైపు అంకె. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడుకునే ఏసీగా మార్చేది గోడ మీది ఇన్వర్టర్. దాని సామర్థ్యం 7.6 కిలోవాట్లు. ఇది ఏసీ వైపు అంకె. 9.6ని 7.6తో భాగిస్తే 1.26 వస్తుంది. దీన్నే డీసీ, ఏసీ నిష్పత్తి అంటారు. ఇన్వర్టర్ కంటే ప్యానెళ్లు 26 శాతం ఎక్కువ పెట్టారన్నమాట.

ఇన్వర్టర్ 7.6 కంటే ఎక్కువ బయటికి ఇవ్వదు. ప్యానెళ్లు అంతకుమించి ఇవ్వగలిగిన సమయంలో అది 7.6 దగ్గరే ఆగుతుంది. గుండ్రంగా ఉండాల్సిన గీత పైభాగం చదునవుతుంది. ఇదే క్లిప్పింగ్. కొటేషన్‌లో రెండు అంకెలూ రాసే ఉన్నాయి. కానీ అమ్మినవాళ్లు 9.6 అని పెద్దక్షరాల్లో చెప్పి, 7.6 గురించి నోరు విప్పలేదు. ఆయన కోపానికి అసలు కారణం అదే. డిజైన్‌లో తప్పు లేదు, చెప్పకపోవడంలో ఉంది.

400 వాట్లు అంటే ఎప్పుడు 400?

ప్యానెల్ వెనక రాసి ఉండే 400 వాట్లు ప్రయోగశాలలో కొలిచిన అంకె. చదరపు మీటరుకి 1,000 వాట్ల వెలుతురు పడుతూ, ప్యానెల్ లోపలి సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు వచ్చేది. పైకప్పు మీద ఆ రెండూ ఒకేసారి కుదరడం అరుదు. మంచి ఎండ ఉందంటే ప్యానెల్ కాలుతూ ఉంటుంది. సెల్ 25 దాటి వేడెక్కిన ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం ఉత్పత్తి తగ్గుతుంది.

జూలైలో మిట్టమధ్యాహ్నం తీసుకుందాం. సెల్ వేడి 60 డిగ్రీలు అనుకుంటే, 35 డిగ్రీలు ఎక్కువ. అంటే 12 శాతం పోయింది. దుమ్ము, వైర్లు, ప్యానెళ్ల మధ్య చిన్న తేడాలకు ఇంకో 5 శాతం, ఇన్వర్టర్ మార్పిడిలో 3 శాతం తీసేస్తే 9.6 కాస్తా 7.8 అవుతుంది. వేసవి గాలిలో ఉండే మసకకి కాస్త తగ్గిస్తే 7.4. అంటే మనం మండే ఎండ అనుకునే జూలైలో ఆ ఇన్వర్టర్ దాదాపు ఎప్పుడూ నిండదు.

ఇప్పుడు ఏప్రిల్. బయట 8 డిగ్రీలు, ఆకాశం కడిగినట్టు ఉంది. సెల్ వేడి 35 దగ్గరే ఆగుతుంది. వేడి వల్ల పోయేది 3.5 శాతమే. మిగతా నష్టాలు అవే వేసుకుంటే 8.5 కిలోవాట్లు వస్తాయి. ఇన్వర్టర్ 7.6 దగ్గర ఆగుతుంది. కాబట్టి ఆగిపోయింది అన్న అనుకున్నట్టు రెండు కిలోవాట్లు కాదు, 0.9 మాత్రమే. మిగిలిన 1.1 కిలోవాట్లు ఇన్వర్టర్ ఎంత పెద్దదైనా రావు. అవి కాగితం మీది అంకెలే.

ఇంకో చిన్న సంగతి. ఇక్కడ వేసవికాలం గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది కాబట్టి, టొరంటోలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12కి కాదు, ఒంటిగంట దాటాక ఇంచుమించు 1:20కి. అందుకే ఆయన గీత 12 ముందు నుంచి 3 ముందు దాకా చదునుగా కనబడింది.

పోయింది ఎంత?

ఆ మూడు గంటలూ 0.9 పోలేదు. మొదట్లో సున్నా, మధ్యలో 0.9, చివర్లో మళ్లీ సున్నా. ఆ చిన్న గుట్ట వైశాల్యం మూడు గంటలకు సుమారు 1.8 యూనిట్లు. ఇలాంటి చల్లని, నిర్మలమైన రోజులు మార్చి చివరి నుంచి జూన్ మొదటి దాకా, ఇంకా సెప్టెంబర్‌లో కొన్ని కలిపి ఏడాదికి 35 అనుకుందాం. 35ని 1.8తో గుణిస్తే 63 యూనిట్లు.

ఆయన ఇంటి పైకప్పు దక్షిణం వైపు ఉంది. ఇక్కడ కిలోవాట్ ప్యానెల్‌కి ఏడాదికి 1,100 యూనిట్లు వేసుకోవచ్చు. 9.6కి దాదాపు 10,500. అందులో 63 అంటే 0.6 శాతం. యూనిట్‌కి 15 సెంట్లు అనుకుంటే ఏడాదికి తొమ్మిదిన్నర డాలర్లు.

ఫోన్‌లో అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత అన్న అన్నాడు, "టిమ్ హార్టన్స్‌లో నాలుగు కాఫీల డబ్బులు కాదప్పా ఇది?" అంతేనన్నా, ఇంచుమించు అంతే.

మన ఊళ్లో చెరువు గుర్తు తెచ్చుకోండి. పొలాలకు నీళ్లు వదిలే తూము ఏడాది పొడుగునా వచ్చే నీటికి తగ్గట్టు కడతారు. ఎప్పుడో పెద్ద వాన వస్తే చెరువు నిండి అలుగు పారుతుంది. అలుగు పారింది కాబట్టి తూము చిన్నదయిందని ఎవరూ తిట్టరు. ఆ నాలుగు రోజుల వరదకు సరిపడా తూము కడితే, మిగతా ఏడాదంతా అందులో సగం కూడా పారదు. క్లిప్పింగ్ అంటే ఆ అలుగే. ఒక్క తేడా ఉంది. అలుగు మీద నీళ్లు కళ్లముందు పోతాయి. ఇక్కడ ఆ కరెంటు అసలు పుట్టనే పుట్టదు. ఇన్వర్టర్ తనకు అక్కర్లేనప్పుడు ప్యానెళ్ల వోల్టేజీని కాస్త పెంచుతుంది, దాంతో కరెంటు తగ్గుతుంది. ప్యానెల్ మామూలు కంటే కొంచెం వెచ్చబడుతుందంతే. మిగిలిన కరెంటు ఇన్వర్టర్ లోపల మండి దాన్ని పాడు చేస్తుందని చాలామంది భయపడతారు. అలా జరగదు.

మరి 10 కిలోవాట్ల ఇన్వర్టర్ ఎందుకు పెట్టలేదు?

పెట్టొచ్చు. కానీ ఏడాదికి తొమ్మిదిన్నర డాలర్ల కోసం ముందు కొన్ని వందల డాలర్లు ఎక్కువ పెట్టాలి. పైగా ఖర్చు ఇన్వర్టర్ దగ్గర ఆగదు.

7.6 అనే వింత అంకె ఎక్కడ నుంచి వచ్చిందో చూడండి. 7,600 వాట్లను 240 వోల్టులతో భాగిస్తే 31.7 ఆంపియర్లు. గంటల తరబడి పారే కరెంటు కాబట్టి బ్రేకర్‌ని 25 శాతం పెద్దదిగా తీసుకోవాలి. అంటే 39.6. సరిగ్గా 40 ఆంపియర్ల బ్రేకర్‌లో ఇమిడిపోతుంది. అదే 10 కిలోవాట్లయితే 41.7 ఆంపియర్లు, 25 శాతం కలిపితే 52. దానికి 50 చాలదు, 60 ఆంపియర్ల బ్రేకర్ కావాలి. ఇంటి బ్రేకర్ పెట్టె లోపలి లోహపు పట్టీ మెయిన్ నుంచి, సోలార్ నుంచి కలిపి ఎంత భరించగలదో కోడ్ ప్రకారం లెక్క కడతారు. 40 ఒప్పుకున్న పెట్టె చాలాసార్లు 60 ఒప్పుకోదు. అప్పుడు పెట్టె మార్చాలి. ఎటోబికోలో యుద్ధం తర్వాత కట్టిన పాత బంగళాల్లో ఈ పెట్టెలు చిన్నవి, ఈ చిక్కు ఎక్కువ.

ఒంటారియోలో ఈ పద్ధతి కొత్త కాదు. 2009లో మొదలైన మైక్రోఫిట్ పథకంలో ఇంటి సోలార్‌కి 10 కిలోవాట్ల హద్దు పెట్టి, పైకప్పు మీద తయారైన ప్రతి యూనిట్‌కీ మొదట్లో 80.2 సెంట్లు ఇచ్చారు. హద్దు దాటకూడదు, యూనిట్లు మాత్రం ఎక్కువ కావాలి. అందుకే ఇన్వర్టర్ 10 దగ్గరే ఉంచి ప్యానెళ్లు 11, 12 కిలోవాట్లు పెట్టినవాళ్లున్నారు. ఎక్కువ ప్యానెళ్ల లాభం మిట్టమధ్యాహ్నం కనబడదు. పొద్దున్నే, సాయంత్రం, మబ్బురోజుల్లో, నవంబర్ నెలలో కనబడుతుంది. అప్పుడు ఇన్వర్టర్‌లో ఖాళీ ఉంటుంది, ఎక్కువ ప్యానెళ్లు ఆ ఖాళీని నింపుతాయి.

అన్న సొంత జిల్లాలోనే దీనికి పెద్ద ఉదాహరణలున్నాయి. గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్క్ 2017లో నడకకు వచ్చింది. ఆ అంకె గ్రిడ్‌కి ఇచ్చే ఏసీ అంకె. మన ఎండల్లో సెల్ వేడి 60 దాటుతుంది కాబట్టి ప్యానెళ్లు రాసి ఉన్నంత ఇవ్వవు. మన దేశంలో ఇలాంటి పెద్ద ప్లాంట్లకు ఒప్పందంలో రాసిన ఏసీ కంటే ఎక్కువ డీసీ పెట్టడం మామూలు. అలా పెట్టొచ్చా లేదా అని కరెంటు కొనే సంస్థలతో పేచీలు వస్తే, కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ 2019 నవంబర్‌లో ఒక సూచన జారీ చేసింది. ఒప్పుకున్న ఏసీ సామర్థ్యం దాటనంత వరకూ, డీసీ ఎంత పెట్టుకోవాలన్నది కట్టేవాళ్ల డిజైన్ విషయమని దాని సారాంశం.

ఎక్కడ ఆపాలి?

ఎక్కువ పెడితే లాభమే కదా, 30 ప్యానెళ్లు పెట్టేద్దామా? డిజైన్ చేసేవాళ్లు మొత్తం నష్టం ఎంత అని అడగరు. ఇప్పుడు కలిపే ప్యానెల్ ఎన్ని యూనిట్లు అదనంగా తెస్తుంది అని అడుగుతారు.

అదే 7.6 ఇన్వర్టర్‌కి 30 ప్యానెళ్లు, అంటే 12 కిలోవాట్లు పెడితే నిష్పత్తి 1.58. ఇప్పుడు జూలైలో కూడా గీత చదునవుతుంది. నా లెక్కలో ఏడాదికి 5 శాతం దాకా పోతుంది. కొత్తగా కలిపిన 2.4 కిలోవాట్లు తేవాల్సింది 2,640 యూనిట్లు. అదనపు క్లిప్పింగ్ 600 పోగా చేతికొచ్చేది సుమారు 2,040. అంటే కొత్త ప్యానెల్ పాత ప్యానెల్ పనిలో మూడొంతులకు కాస్త పైన చేస్తోంది. ప్యానెళ్లు చవగ్గా ఉండి, పైకప్పు మీద చోటుంటే అది కూడా కిట్టుబాటు కావచ్చు. కానీ ఇక్కడ నెట్ మీటరింగ్‌లో మిగిలిన క్రెడిట్ 12 నెలల్లో వాడుకోకపోతే పోతుంది. అన్న ఇంటి వాడకం ఏడాదికి 10,500 దగ్గరే. పైన తయారైంది ఊరికే పోతుంది. అందుకే 24 దగ్గర ఆపడం సరైన నిర్ణయం.

పైకప్పు దిక్కు కూడా లెక్కలోకి వస్తుంది. అవే 24 ప్యానెళ్లు తూర్పుకి 12, పడమరకి 12 పెడితే, ఒక వైపు పొద్దున, ఇంకో వైపు మధ్యాహ్నం తర్వాత ఎక్కువ ఇస్తాయి. రెండూ ఒకేసారి పూర్తిగా ఇవ్వవు. కాగితం మీద అదే 1.26, కానీ గీత దాదాపు ఎప్పుడూ చదునవదు. అలాంటి ఇంటికి ఇంకా ఎక్కువ నిష్పత్తి ధైర్యంగా పెడతాం. ప్యానెల్‌కి ఒకటి చొప్పున వెనకాల ఉండే మైక్రో ఇన్వర్టర్లతో ఈ సర్దుబాటు కుదరదు. అక్కడ ఒక్కో ప్యానెల్‌కీ దాని లెక్క దానిదే.

దాటకూడని గీత వోల్టేజీది

ఇక్కడే జాగ్రత్త. వాట్లు ఎక్కువైతే ఇన్వర్టర్ తీసుకోవడం మానేస్తుంది. వోల్టులు ఎక్కువైతే ఇన్వర్టర్ చస్తుంది. ఈ రెండింటినీ కలిపి చూసేవాళ్లు ప్రమాదకరమైన తప్పు చేస్తారు. కొత్తగా పనిలో చేరినప్పుడు నేనే చేశాను.

వరసగా కలిపిన ప్యానెళ్ల వోల్టేజీలు కూడతాయి. ఒక ప్యానెల్‌కి లోడ్ లేనప్పుడు 37.1 వోల్టులు. నేను 15 కలిపి ఒక వరస గీశాను. మొత్తం 556, ఇన్వర్టర్ హద్దు 600, బాగానే ఉందనుకున్నాను. డ్రాయింగ్ చూసిన సీనియర్ ఒక్క మాట అడిగాడు, "జనవరిలో?" చలి పెరిగితే వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.27 శాతం. మైనస్ 25 అంటే 25కి 50 డిగ్రీలు కింద. 13.5 శాతం పెరిగి ప్యానెల్‌కి 42.1 అవుతుంది. 15కి 632. గడ్డకట్టిన తెల్లవారుజామున మొదటి ఎండ పడగానే ఇన్వర్టర్ పోయేది, దాని వారంటీ కూడా. అన్న ఇంట్లో వరసకి 12 ప్యానెళ్లు, రెండు వరసలు. మైనస్ 25లో 505 వోల్టులు. నిశ్చింత. అందుకే ప్యానెళ్లు కలపాలనుకున్నప్పుడు ముందు చూడాల్సింది నిష్పత్తి కాదు, ఇన్వర్టర్ కాగితం మీద రాసిన గరిష్ఠ డీసీ వోల్టేజీ, గరిష్ఠ ఇన్‌పుట్ కరెంటు. తర్వాత, ఎంత డీసీ పెట్టినా వారంటీ చెల్లుతుందో కూడా తయారీదారు రాస్తాడు. ఆ అంకె దాటొద్దు.

నిజంగా తేడా ఉంటే ఎలా తెలుస్తుంది?

యాప్‌లో రోజు మొత్తం కాదు, ఐదు నిమిషాల లెక్క ఉన్న గీత తెరవండి. ఎండరోజున గీత ఇన్వర్టర్ మీద రాసిన అంకె దగ్గర చదునైతే, అది క్లిప్పింగ్. చల్లని నెలల్లో కనబడి జూలైలో మాయమైతే ఇంకా నమ్మకం.

అంతకంటే కింద, అంటే 7.6 ఇన్వర్టర్ 6 దగ్గర, అదీ వేడిరోజుల్లోనే ఆగిపోతుంటే ఇన్వర్టర్ వేడెక్కి తనను తాను తగ్గించుకుంటోందేమో చూడాలి. పడమటి గోడ మీద ఎండలో పెట్టారా, చుట్టూ గాలి ఆడుతోందా? వేడితో పని లేకుండా, చల్లని రోజుల్లో కూడా ఒకే అంకె దగ్గర ఆగుతుంటే, బయటికి పంపే కరెంటుకు సెట్టింగుల్లో ఎవరైనా హద్దు పెట్టారేమో అడగండి. గీత గుండ్రంగానే ఉండి ఎత్తు మాత్రం సగమైతే ఒక వరస పని చేయడం లేదు. ఇవి క్లిప్పింగ్ కావు, వీటికి మనిషిని పిలిపించాలి.

అన్న గీత 7.6 మీద, ఏప్రిల్‌లో, రెండు వరసలూ సమానంగా. ఏ లోపమూ లేదు. పైగా ప్యానెళ్లు ఏడాదికి అర శాతం చొప్పున బలం తగ్గుతాయి. పదేళ్లకు ఆ ఏప్రిల్ మధ్యాహ్నం 8.5 కాస్తా 8.1 అవుతుంది. అలుగు సగానికి తగ్గుతుంది, తూము మాత్రం అలాగే నిండుగా పారుతుంది.

కొటేషన్ తీసుకునేటప్పుడు మాత్రం రెండు అంకెలూ విడివిడిగా అడగండి. డీసీ ఎంత, ఏసీ ఎంత, క్లిప్పింగ్ పోగా ఏడాదికి ఎన్ని యూనిట్లు. ఈ మూడూ కాగితం మీద రాసివ్వనివాడి దగ్గర సంతకం పెట్టొద్దు. అన్న ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు ఇదే అన్నాడు: "ఈ మాట ఆ అమ్మినోడే చెప్పింటే, నా నిద్ర చెడేది కాదు గదప్పా."